ఆట ఆపేలోగా చక్కబెట్టుకోవాల్సిన పనులు

(విజయనగరంలో రాష్ట్ర, జాతీయ స్థాయి క్రీడాకారుల సమావేశంలో ఒక మాజీ వెయిట్‌లిఫ్టర్, ప్రస్తుత కోచ్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి చాలామంది పెద్దలు మాట్లాడారు, మీకు ఆకలి వేస్తున్నట్టుంది. నేను ఒక్క విషయమే తీసుకుంటాను. ఆట మానేశాక ఏం చేయాలి అన్న ప్రశ్నకి జవాబులో సగం ఆట మానేయకముందే అయిపోవాలి. ఎందుకంటే మనకి దొరికే ఉద్యోగాలకీ, కోర్సులకీ వయసు లెక్క ఒకటుంది, సర్టిఫికెట్ వయసు లెక్క ఇంకొకటుంది. మన వయసు సంగతి మనకి తెలుసు. సర్టిఫికెట్ కూడా ముసలిదవుతుందని చాలామందికి తెలీదు.

ఒలింపిక్స్ దాకా వెళ్ళినవాళ్ళ గురించి నేను మాట్లాడటం లేదు. నిఖత్ జరీన్‌కి తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది, సంతోషం. మన పక్క జిల్లా ఆమదాలవలస దగ్గర పుట్టిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆవిడకి భారత ఆహార సంస్థ ఎఫ్‌సీఐలో ఉద్యోగం ఉండేది. అకాడమీ ఆ తర్వాతెప్పుడో, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీ వైస్ చాన్సలర్ పదవి ఇంకా తర్వాత. అంత ఎత్తుకెళ్ళిన మనిషికి కూడా కింద ఒక నెల జీతం ఆసరాగా ఉందన్న మాట గుర్తుపెట్టుకోండి. ఈ హాల్లో ఎక్కువమంది సీనియర్ నేషనల్స్‌లో మూడో స్థానం, అయిదో స్థానం, లేదా రాష్ట్రం తరఫున ఆడి వచ్చినవాళ్ళు. నేను మాట్లాడేది మీ గురించి.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. మన జిల్లాలో కొండవెలగాడ లాంటి ఊళ్ళలో ఇంటికో లిఫ్టర్ ఉంటారు కాబట్టి ఊరు చెప్పినా ఫలానా అని మీరు పట్టుకోలేరనుకోండి. వాళ్ళ నాన్న వరి రైతు. ఒకరోజు ఇద్దరూ నా దగ్గరికొచ్చారు. ఆయన కూర్చుంటూనే అన్నాడు, "ఏటి సార్, ఎన్నాళ్ళని ఎత్తుతాదీ పిల్ల? పెళ్ళీడు దాటిపోతంది, ఉద్యోగమేటీ లేదు." అమ్మాయికి అప్పటికి ఇరవై మూడు దాటింది. సీనియర్ నేషనల్స్‌లో ఒక కాంస్యం ఉంది. ఇంటర్ పాసైంది, డిగ్రీ రెండో ఏడాదిలో క్యాంపుల వల్ల ఆగిపోయింది. ఎడమ మోకాలు అప్పుడప్పుడూ వాస్తోంది. ఇంకో రెండేళ్ళు ఆడి, పెద్ద పతకం కొట్టి, అప్పుడు ఉద్యోగం చూసుకుంటానంటుంది.

నేను ఒక కాగితం తీసుకుని రెండు గీతలు గీశాను. పై గీత ఆమె వయసు, కింద గీత ఆమె పతకం వయసు.

రైల్వే స్పోర్ట్స్ కోటా సంగతి చూద్దాం. మనలాంటి వాళ్ళకి ఎక్కువ ఉద్యోగాలిచ్చేది అదే కదా. దానికి వయసు 18 నుంచి 25. సడలింపు లేదు. కేంద్రంలోని చాలా ఉద్యోగాలకి క్రీడాకారులకి కొంత సడలింపు ఉంటుంది కాబట్టి ఇక్కడా ఉంటుందనుకుని చాలామంది మోసపోతారు. ఇక పతకం సంగతి. నియామకం ఏ ఆర్థిక సంవత్సరానిదో ఆ ఏడాదీ, దానికి ముందు రెండేళ్ళూ, ఈ మధ్యలో సాధించిన వాటినే లెక్కలోకి తీసుకుంటారు. 2024-25 నియామకాలకి 2022 ఏప్రిల్ 1 తర్వాత వచ్చినవే లెక్క. మీకు 2022 ఫిబ్రవరిలో పతకం వచ్చిందనుకోండి, 2023-24 నోటిఫికేషన్‌తో దాని పని అయిపోయింది. అదే పతకం రెండు నెలలు ఆలస్యంగా ఏప్రిల్‌లో వచ్చి ఉంటే ఇంకో ఏడాది పనికొచ్చేది. మెడల్ అదే, బరువు అదే. గోడ మీద ఫ్రేములో అది ఎప్పటికీ మెరుస్తూనే ఉంటుంది, దరఖాస్తులో మాత్రం మార్కులు రావు.

ఇంకో సంగతి. అక్కడ వాళ్ళకి కావలసింది ఇంకా ఆడుతున్న మనిషి. ఎంపికలో 100 మార్కులుంటే 40 ట్రయల్స్‌కి, 50 సాధించిన వాటికి, 10 చదువుకి. ట్రయల్స్‌లో 40కి 25 రాకపోతే అక్కడితో ఆగిపోయినట్టే, మిగతా కాగితాలు చూడరు. అంటే మోకాలు పూర్తిగా పోయాక, ఆట ఆపేశాక వెళ్తే ఏం లాభం? స్పోర్ట్స్ కోటా రిటైరైనవాళ్ళ కోసం పెట్టింది కాదు. ఆడుతున్నవాళ్ళ కోసం పెట్టింది. రిటైర్మెంట్ ప్లాన్‌లో మొదటి మెట్టు రిటైర్మెంట్‌కి కొన్నేళ్ళ ముందు పడాలని నేను అంటున్నది అందుకే.

ఆ అమ్మాయికి కాగితం మీద తేలిందేమిటంటే, రెండు గీతలూ దాదాపు ఒకేచోట ఆగిపోతున్నాయి. మహా అయితే రెండు నోటిఫికేషన్లు చేతిలో ఉన్నాయి. "పెద్ద పతకం కొట్టాక చూద్దాం" అంటే ఆ రెండూ దాటిపోతాయి. వాళ్ళ నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మాయి మొహం మాడిపోయింది. ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే ఆట మానేస్తున్నట్టు అర్థం కాదని, రైల్వేలో చేరితే రైల్వే తరఫున ఇంకా ఆడొచ్చని చెప్పి ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు సర్టిఫికెట్ల దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ప్రతిభ ఉండి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పోగొట్టుకున్నారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి నిర్ణీత ఫారాలుంటాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, దాని మీద జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి సంతకం. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 2, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం. యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం 3, యూనివర్సిటీ క్రీడల డీన్ లేదా డైరెక్టర్ సంతకం. స్కూల్ గేమ్స్‌కి ఫారం 4. పోటీ అయినరోజు చేతికిచ్చే రంగురంగుల మెరిట్ సర్టిఫికెట్ వేరు, ఈ ఫారం వేరు. రెండూ కావాలి.

ఆ అమ్మాయి ఫైలు తెప్పించి చూశాను. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. నేషనల్స్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరం, పేరు స్పెల్లింగ్‌లో ఒక హెచ్ ఎక్కువ. ఇంకో సర్టిఫికెట్‌లో తండ్రి పేరు బదులు కోచ్ పేరు పడింది, నవ్వకండి, నిజంగానే. వెరిఫికేషన్‌లో కూర్చున్న ఆఫీసరుకి ఈ ముగ్గురూ ఒకే మనిషని ఎలా తెలుస్తుంది? ఇవన్నీ సరిదిద్దించాలంటే ఆ పోటీ నిర్వహించిన సంఘానికే వెళ్ళాలి. పోటీ అయిన నెలలో అడిగితే పది నిమిషాల పని. అయిదేళ్ళ తర్వాత అడిగితే కార్యదర్శి మారిపోయి ఉంటాడు, పాత రికార్డు ఎవరింట్లో ఉందో ఎవరికీ తెలీదు.

దీనికంటే పెద్ద బెడద సంఘాల గొడవ. మన రాష్ట్రాల్లో ఒక్కో ఆటకి రెండేసి సంఘాలు, ఎవరికి వారు మేమే అసలు అనడం మీకు కొత్త కాదు. గుర్తింపు లేని వర్గం పెట్టిన పోటీలో బంగారం వచ్చినా ఆ సర్టిఫికెట్ చెల్లదు. ఇది ముందుగా తెలుసుకునే దారి ఒకటే. ఎంట్రీ కట్టేముందు ఆ రాష్ట్ర సంఘానికి జాతీయ ఫెడరేషన్ అనుబంధం ఉందా, ఆ ఫెడరేషన్‌కి ఆ ఏడాది క్రీడా మంత్రిత్వ శాఖ గుర్తింపు ఉందా అని చూసుకోవాలి. మా కోచ్ చూసుకుంటారులే అనుకోకండి. కోచ్ కూడా ఏదో ఒక వర్గంలోనే ఉంటాడు.

సరే, ఉద్యోగం వచ్చిందనుకుందాం. అక్కడితో కథ సుఖాంతం అనుకుంటారు మన ఇళ్ళలో. ఆడినన్నాళ్ళూ ప్రాక్టీసుకి పర్మిషన్, క్యాంపులకి స్పెషల్ లీవు, ఆఫీసు మొహం చూసేది తక్కువ. ఇరవై తొమ్మిదో ఏట ఆట ఆగుతుంది. మర్నాటి నుంచి పూర్తి డ్యూటీ. పక్క సీటులో అదే ఏడాది చేరినతనికి రూల్స్ అన్నీ నోటికి వచ్చు, ఫైలు రాయడం వచ్చు. మనకి మస్టర్‌లో సంతకం పెట్టడం తప్ప ఏమీ రాదు. చిన్నచూపు మొదలవుతుంది, అవమానంగా ఉంటుంది, కొంతమంది మందుకి అలవాటు పడ్డారు కూడా. తప్పు ఎవరిదీ కాదు, ఆ పని నేర్చుకునే ఏళ్ళలో మనం బరువులెత్తుతూ ఉన్నాం. అందుకని ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్ళలో ఆఫ్ సీజన్‌లో సీటులో కూర్చుని పని నేర్చుకోండి. ఆగిపోయిన డిగ్రీ దూరవిద్యలో పూర్తి చేయండి. డిపార్ట్‌మెంటల్ పరీక్షలకి అదే ఆధారం. ఆ అమ్మాయికి నేను పెట్టిన షరతు కూడా ఇదే, ఆగిన డిగ్రీ మళ్ళీ మొదలుపెట్టేదాకా నా సెంటర్‌కి ప్లేటు మోయడానికి కూడా రావద్దన్నాను.

ఉద్యోగం రానివాళ్ళు, వచ్చినా ఆట వదలలేనివాళ్ళు కోచింగ్ వైపు చూస్తారు. ఇక్కడ పెద్ద గందరగోళం ఒకటుంది. బీపీఈడీ చేస్తే కోచ్ అయిపోతామని కొందరు, పాటియాలాలో ఎన్‌ఐఎస్ కోచింగ్ డిప్లొమా చేస్తే స్కూల్లో వ్యాయామ టీచరు, అంటే పీఈటీ పోస్టు వస్తుందని కొందరు. రెండూ పొరపాటే. బడిలో ఉద్యోగం కావాలంటే వ్యాయామ విద్య చదవాలి. డిగ్రీ ఉన్నవాళ్ళు పీఈసెట్ రాసి రెండేళ్ళ బీపీఈడీ, ఇంటర్ ఉన్నవాళ్ళు అదే పీఈసెట్‌తో రెండేళ్ళ డీపీఈడీ. పీఈసెట్‌లో ఉండేది దేహదారుఢ్య పరీక్ష, ఆట నైపుణ్య పరీక్ష. అంటే మనకి ఇంతకంటే అనుకూలమైన ఎంట్రన్స్ ఇంకోటి లేదు, అయినా మనవాళ్ళు మోకాలు పోయాక రాస్తారు! ఒంట్లో పస ఉండగా రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో క్రీడా రిజర్వేషన్ 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది, టీచరు పోస్టులకీ వర్తిస్తుంది. కానీ పోస్టుకి తగిన చదువు లేకపోతే ఎన్ని పతకాలున్నా ఆ కోటా మిమ్మల్ని గడప దాటించదు.

భారత క్రీడా ప్రాధికార సంస్థ, అంటే సాయ్ లాంటి చోట్ల కోచ్ పోస్టు కావాలంటే పాటియాలాలో 1961లో పెట్టిన నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ, అదే మనం ఎన్‌ఐఎస్ అంటాం కదా, అక్కడి డిప్లొమా చూస్తారు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా అక్కడే ఉంది. చాలామంది ఆరు వారాలది చేసి వచ్చి బోర్డు మీద "ఎన్‌ఐఎస్ కోచ్" అని రాయించుకుంటారు. పిల్లలకి నేర్పడానికి ఆ కోర్సు పనికొస్తుంది, కాదనను. డిప్లొమా అడిగిన పోస్టుకి అది సరిపోదు. ఏడాది ఇల్లు వదిలి డిప్లొమా చేయాలంటే డబ్బు, కుటుంబం రెండూ చూసుకోవాలి కాబట్టి, పెళ్ళికి ముందే చేస్తే సుఖం అని నా అభిప్రాయం. ఆడపిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే ఇది ప్రత్యేకంగా వినండి.

కోర్సు సంగతి అలా ఉంచి, అసలు మీకు నేర్పడం వచ్చా అన్నది తేల్చుకోవాలి. బాగా ఎత్తినవాడు బాగా నేర్పుతాడని గ్యారంటీ ఏమీ లేదు. పన్నెండేళ్ళ పిల్లాడు స్నాచ్, అంటే బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం, చేస్తూ ప్రతిసారీ ముందుకి దూకుతున్నాడనుకోండి. నేషనల్స్ ఆడివచ్చిన కొత్త కోచ్ ఏమంటాడు? "బార్ దగ్గరగా పెట్టరా, ఇలా" అని తానే ఎత్తి చూపిస్తాడు. పిల్లాడు మళ్ళీ దూకుతాడు. ఇరవై సార్లు చూపించినా అంతే. తన ఒంటికి అదెప్పుడు అలవాటయిందో అతనికే గుర్తులేదు, అందుకే విడమరిచి చెప్పలేడు. నేర్పగలిగినవాడు బార్ తీసేసి ప్లాస్టిక్ పైపు చేతికిస్తాడు. పక్కన నిలబడి చూస్తాడు. పైపు మోకాలు దాటేచోట పిల్లాడి బరువు మునివేళ్ళ మీదకి పోతోంది, అక్కడుంది రోగం. మోకాలి పైన ఆపించి, మడమల మీద బరువు ఉంచి, అక్కడి నుంచే ఎత్తిస్తాడు. పైపు ఒంటిని రాసుకుంటూ పైకి వచ్చేదాకా అదే. వారం పడుతుంది. ఇంత ఓపిక మనకుందో లేదో ముందే తెలుసుకోవాలి, డిప్లొమా చేశాక తెలుసుకుంటే ఏం లాభం? ఇంకా ఆడుతుండగానే ఒక సీజన్ మీ కోచ్ దగ్గర సాయంత్రాలు చిన్నపిల్లల గ్రూపు తీసుకోండి. మూడో నెలలో కూడా ఆ రెండు గంటలు ఇష్టంగా గడుస్తుంటే మీరు కోచింగ్‌కి పనికొస్తారు. విసుగ్గా ఉంటే రిఫరీ పరీక్షలు రాయండి, అందులో అవమానమేమీ లేదు. రూల్స్ బాగా తెలిసినవాళ్ళ కొరత ప్రతి ఆటలోనూ ఉంది. కాకపోతే అందులో వచ్చేది పోటీలున్న రోజులకి భత్యమే, దాంతో ఇల్లు గడవదు.

ఇప్పుడు డబ్బు లెక్క. సొంత సెంటర్ పెట్టాలనుకునేవాళ్ళకి ఖేలో ఇండియా సెంటర్ అని ఒక పథకముంది. మాజీ క్రీడాకారుడే కోచ్‌గా నడిపే చిన్న సెంటర్ అది. దేశానికి ఆడినవాళ్ళకి మొదటి ప్రాధాన్యం, తర్వాత సీనియర్ నేషనల్స్ పతకం, ఆ తర్వాత ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ పతకం, చివర్లో రాష్ట్రం తరఫున ఆడినవాళ్ళు. ఒక ఆటకి మొదట్లో ఒకేసారి 5 లక్షలు, తర్వాత ఏడాదికి 5 లక్షలు. వినడానికి బాగానే ఉంది. కోచ్ నెలకి 25 వేలు తీసుకుంటే ఏడాదికి 3 లక్షలు పోతాయి. మిగిలిన 2 లక్షల్లో సహాయకుడి జీతం, పిల్లల కిట్లు, అరిగిపోయిన సామాను, పోటీలకి తీసుకెళ్ళే ఖర్చు, అన్నీ. ముప్ఫై మంది పిల్లలుంటే ఒక్కొక్కరికి ఏడాదికి ఆరేడు వేలు కూడా పడదు. మొదటి 5 లక్షలు చేతికి రాగానే అంతా బార్లకీ ప్లేట్లకీ పెట్టేస్తే, వాన పడితే కారే రేకుల షెడ్డు కింద అవి తుప్పు పడతాయి. ముందు నేల గట్టిగా వేయించి ప్లాట్‌ఫామ్ కట్టుకోండి, అమ్మాయిల 15 కిలోల బార్, అబ్బాయిల 20 కిలోల బార్ ఒకటి రెండు మంచివి కొనండి. ఇంకో ముఖ్యమైన మాట, గ్రాంటు ఎప్పుడూ జీతంలా ఒకటో తారీఖున రాదు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేనివాళ్ళు దీన్నే నమ్ముకుని దిగొద్దు.

పల్లెలో ఫీజు వసూలు చేసి నడపొచ్చు కదా అని అడుగుతారు. నలభై మంది దగ్గర నెలకి 500 తీసుకుంటే 20 వేలు. అడిగి చూడండి, మూడో నెలకి సగం మంది రారు, వచ్చే సగంలో బాగా ఎత్తే పిల్లలే ఫీజు కట్టలేనివాళ్ళు. వాళ్ళని వదులుకోలేం. అందుకే మన దగ్గర బతికిన సెంటర్లు చాలావరకు ఉద్యోగం ఉన్నవాళ్ళు సాయంత్రం నడిపేవే. పట్నంలో అయితే జిమ్ ట్రైనర్‌గా చేరి, ఉదయం జీతానికి పనిచేసి, సాయంత్రం పిల్లలకి నేర్పేవాళ్ళున్నారు. జిమ్ అనగానే ఒక హెచ్చరిక. డబ్బాల్లో పౌడర్లు, ఇంజక్షన్లు అమ్మితే జీతం కంటే కమిషన్ ఎక్కువని ఆశ పెడతారు. దాని జోలికి పోయి డోపింగ్ కేసులో నిషేధం పడితే ఆడటమే కాదు, ఆ నిషేధం ఉన్నన్నాళ్ళూ గుర్తింపు పొందిన ఏ సెంటర్‌లోనూ కోచ్‌గా కూడా నిలబడలేరు.

పెన్షన్ ఉంది కదా సార్ అని ఇందాక ఒకబ్బాయి అడిగాడు. కేంద్ర క్రీడా శాఖ పెన్షన్ ఉంది, ఒలింపిక్ పతకానికి నెలకి 20 వేలు, ఆసియా, కామన్వెల్త్ బంగారానికి 14 వేలు, అక్కడి వెండి, కాంస్యాలకి 12 వేలు. ముప్ఫై ఏళ్ళు నిండి, ఆట మానేసి ఉండాలి. నేషనల్స్ పతకానికి ఇందులో చోటు లేదు. కాబట్టి మనం దీన్ని ప్లాన్‌లోంచి తీసేద్దాం.

నేషనల్స్, రాష్ట్ర స్థాయి పతకాల వాళ్ళకి పనికొచ్చేది 2024 ఆగస్టు 29న మొదలైన రీసెట్ అనే పథకం. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి వ్యాయామ విద్యా సంస్థ దాన్ని నడుపుతుంది. 20 నుంచి 50 ఏళ్ళ మధ్య ఉన్న రిటైరైన క్రీడాకారులకి. ఇంటర్, ఆపైన చదివినవాళ్ళకి ఒక స్థాయి, పదకొండో తరగతితో గానీ అంతకుముందే గానీ ఆగిపోయినవాళ్ళకి ఇంకో స్థాయి. కొంత ఆన్‌లైన్‌లో, కొంత నేరుగా, చివర్లో ఇంటర్న్‌షిప్. ఫిట్‌నెస్ శిక్షణ, ఈవెంట్ నిర్వహణ, మైదానాలు, స్టేడియం చూసుకునే పని, ఇలాంటివి నేర్పుతారు. చదువు మధ్యలో ఆగిపోయి, పాటియాలాకి వెళ్ళే స్తోమత లేనివాళ్ళకి ఇది మంచి దారి. కోర్సు ఎంచుకునేటప్పుడు మీ ఊరికి బస్సు దూరంలో ఆ పని ఇచ్చే చోటు ఏదో ఒకటి ఉందా అని చూడండి. మైదానం చూసుకునే కోర్సు చేసి, స్టేడియమే లేని ఊళ్ళో కూర్చుంటే ఏం చేస్తారు?

ఆ అమ్మాయి రెండో నోటిఫికేషన్‌లో ఎంపికైంది. ట్రయల్స్ రోజున మోకాలికి పట్టీ వేసుకుని ఎత్తింది. ఇప్పుడు ఉదయం ఆఫీసు, సీజన్‌లో పోటీలు, ఆదివారాలు మా సెంటర్‌లో చిన్నపిల్లల గ్రూపు. డిగ్రీ ఇంకా ఒక పేపరు మిగిలింది, దానికోసం నేను రోజూ తిడుతూనే ఉన్నాను.

నేను చెప్పాల్సింది ఇంతే. భోజనాల తర్వాత ఆ మూల టేబుల్ దగ్గర ఉంటాను. టెన్త్ మెమో జిరాక్స్, మీ క్రీడా సర్టిఫికెట్ల జిరాక్సులు తీసుకురండి, పేర్లు, తేదీలు కలుస్తున్నాయో లేదో కూర్చుని చూద్దాం. ఒరిజినల్స్ మాత్రం నాకు గానీ ఇంకెవరికి గానీ ఇచ్చి వెళ్ళకండి.